ప్యాకేజీ టూర్ షరతుల తెలుగు అనువాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రావెల్ కంపెనీల బుకింగ్ షరతులను ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మార్చేవాళ్లకూ, ఆ తెలుగును సరిచూసే ఆఫీసు వాళ్లకూ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాను. ఉదాహరణలన్నీ ఒకే ప్యాకేజీ చుట్టూ ఉంటాయి: హైదరాబాద్ నుంచి బయల్దేరి కాశీ, గయ, ప్రయాగరాజ్, అయోధ్య చూసి వచ్చే యాత్ర. ధరలు, తేదీలు లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవి. షరతుల తీరు మాత్రం ఇలాంటి కాగితాల్లో మామూలుగా కనిపించేదే. ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా వెళ్లొచ్చు.

## పని మొదలుపెట్టే ముందు

షరతుల కాగితమంతా ఒకే జాగ్రత్తతో చేయాలా? ఎక్కడ ఎక్కువ టైం పెట్టాలి?

డబ్బు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే వాక్యాల మీద, వెళ్లదని చెప్పే వాక్యాల మీద పెట్టండి. క్యాన్సిలేషన్, రీఫండ్, మార్పులు, బాధ్యత అనే భాగాలు అవే. వాటిలో ప్రతి వాక్యం దగ్గర ఆగి ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పటిలోగా, ఏ షరతు మీద అని అడగండి. ఇంగ్లిషులో దొరికిన జవాబులన్నీ తెలుగులోనూ దొరకాలి. ఇంగ్లిషులో లేని జవాబు తెలుగులో దొరకకూడదు. ఈ రెండో సగాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. వాక్యం సాఫీగా వస్తుందని 'వెంటనే', 'పూర్తిగా' లాంటి మాట ఒకటి చేరుస్తారు. రీఫండ్ వాక్యంలో ఆ ఒక్క మాట కొత్త హామీ అయిపోతుంది. స్వాగత వాక్యాలు, యాత్ర వర్ణన మాత్రం మీ ఇష్టం, హాయిగా రాసుకోవచ్చు.

'టూర్ ధర' అని ఒకచోట, 'ప్యాకేజీ ఖర్చు' అని ఇంకోచోట రాయొచ్చా? అదే మాట పదేపదే వస్తే బాగుండదు కదా?

రాయకూడదు. ఇంగ్లిషు షరతుల్లో మొదట ఒక మాటకు అర్థం చెప్పి, తర్వాత ఆ మాట వచ్చిన ప్రతిచోటా పెద్ద అక్షరంతో మొదలుపెడతారు. ఆ పెద్ద అక్షరం 'పైన చెప్పిన అర్థంలోనే ఇక్కడా చదవండి' అని గుర్తు చేస్తుంది. మన లిపిలో పెద్ద అక్షరాలు లేవు. కాబట్టి ఆ పనిని మాట మారకుండా ఉండటమే చేయాలి. ఉదాహరణకు 'టూర్ ధర'లో రైలు, హోటల్, గైడ్ ఉన్నాయనీ, జీఎస్టీ, పూజా ఖర్చులు లేవనీ కాగితంలో చెప్పారనుకుందాం. క్యాన్సిలేషన్ పట్టికలో మీరు 'మొత్తం ఖర్చు' అని రాస్తే జీఎస్టీ కూడా కలిపి లెక్క కడతారని చదివేవాళ్లు అనుకుంటారు. అర్థం చెప్పిన చోట ఆ మాటను బొద్దు అక్షరాల్లో పెట్టి, చివరి పేజీ దాకా అదే మాట వాడండి. అందం కోసం మాటలు మార్చే చోటు ఇది కాదు.

'మేము' అనాలా, 'కంపెనీ' అనాలా? 'మనం' అంటే ఆత్మీయంగా ఉంటుంది కదా?

ఇంగ్లిషులో ఏది ఉంటే అది: 'వియ్' ఉంటే 'మేము', 'ది కంపెనీ' ఉంటే 'కంపెనీ'. 'మనం' మాత్రం వద్దు. ఆ మాటలో కస్టమర్ కూడా కలిసిపోతారు. యాత్ర గురించి చెప్పేటప్పుడు 'మనం ఉదయాన్నే గంగాస్నానం చేసి' అంటే బాగుంటుంది. 'హోటల్ మారితే మనం అదనపు ఖర్చు భరిస్తాం' అంటే ఎవరు భరిస్తారో తేలదు. ఒప్పందంలో రెండు పక్షాలుంటాయి. ఏ వాక్యం చదివినా ఎవరు ఏ వైపో కనిపించాలి.

ఇంగ్లిషు షరతులోనే పొరపాటుంటే నేను సరిచేసి రాయొచ్చా?

సరిచేయకండి, అడగండి. తరచూ కనిపించేది పట్టికల్లో వచ్చే తప్పు. '30 నుంచి 15 రోజులు: 50 శాతం', ఆ కింద '15 నుంచి 7 రోజులు: 75 శాతం' అని ఉంటుంది. సరిగ్గా 15వ రోజున క్యాన్సిల్ చేసినవాళ్లకు ఏది? రెండు వరుసలూ ఆ రోజును తమలో కలుపుకున్నాయి. మీరు '14 నుంచి 7' అని దిద్దితే కంపెనీ తరఫున మీరే నిర్ణయం తీసుకున్నట్టు. ఏ వరుసలో ఏ రోజు వస్తుందో మెయిల్లో అడిగి, వచ్చిన జవాబును దాచుకోండి. ఇంగ్లిషు కాగితం కూడా దిద్దమని చెప్పండి. తెలుగు ఒక్కటే దిద్దితే రెండు కాగితాలు రెండు మాటలు చెబుతాయి.

## క్యాన్సిలేషన్, రీఫండ్

'30 రోజుల లోపు' అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. 'బుక్ చేసిన 30 రోజుల లోపు' అనీ, 'ప్రయాణానికి ఇంకా 30 రోజుల లోపే ఉన్నప్పుడు' అనీ రెండు రకాలుగా అర్థమవుతుంది. పైగా సరిగ్గా 30వ రోజు ఎటు పడుతుందో తెలియదు. రోజులను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో ముందు చెప్పి, తర్వాత హద్దు చెప్పండి: 'బయల్దేరే తేదీకి 30 రోజులు లేదా అంతకంటే ముందు క్యాన్సిల్ చేస్తే', 'బయల్దేరే తేదీకి 29 నుంచి 15 రోజుల ముందు క్యాన్సిల్ చేస్తే'. ఇంగ్లిషులో 'కంటే ఎక్కువ' అని ఉంటే 30వ రోజు అందులోకి రాదు. 'తక్కువ కాకుండా' అని ఉంటే వస్తుంది. ఈ తేడా తెలుగులో నిలవాలి.

నవంబర్ 20న బయల్దేరే యాత్రకు 30వ రోజు అక్టోబర్ 21. కంపెనీ ఒప్పుకుంటే పట్టిక పక్కన ఇలా తేదీలే వేయించండి, టెన్షన్ ఉండదు. పని దినాలా, మామూలు రోజులా అన్నది కూడా చూడండి. 'వర్కింగ్ డేస్'ను ఒట్టి 'రోజులు' అంటే కంపెనీ ఇవ్వని గడువును మీరు ఇచ్చినట్టవుతుంది. ఇంకొకటి: క్యాన్సిల్ చేసిన రోజు అంటే కస్టమర్ చెప్పిన రోజా, కంపెనీకి రాతపూర్వకంగా అందిన రోజా? 'రాతపూర్వకంగా అందిన తేదీ' అని ఇంగ్లిషులో ఉంటే 'తెలియజేసిన తేదీ' అని రాయకండి. ఫోన్లో చెప్పి ఊరుకున్న పెద్దవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

'50 శాతం కట్ అవుతుంది' అంటే అందరికీ అర్థమవుతుంది కదా, ఇంకేం కావాలి?

దేనిలో 50 శాతమో కావాలి. ఈ భాగాల్లో అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అందుకే లెక్క వేసి చూపిస్తాను.

భార్యాభర్తలు ఇద్దరు కాశీ యాత్ర బుక్ చేశారు. టూర్ ధర మనిషికి 42,000 రూపాయలు, ఇద్దరికీ 84,000. అడ్వాన్స్ మనిషికి 10,000 చొప్పున 20,000 కట్టారు. ప్రయాణం నవంబర్ 20. ఇంట్లో ఎవరికో బాగాలేక నవంబర్ 1న, అంటే 19 రోజుల ముందు క్యాన్సిల్ చేశారు. ఇంగ్లిషు షరతు ప్రకారం 29 నుంచి 15 రోజుల మధ్య క్యాన్సిలేషన్ చార్జీ 'టూర్ ధరలో 50 శాతం'. అంటే 42,000. కట్టింది 20,000 మాత్రమే కాబట్టి వాపసు వచ్చేది ఏమీ లేదు. కాగితం ప్రకారం ఇంకా 22,000 బాకీ ఉన్నారు కూడా.

తెలుగులో అనువాదకుడు 'కట్టిన సొమ్ములో 50 శాతం మినహాయిస్తారు' అని రాశాడనుకోండి. దంపతులు 10,000 పోయినా 10,000 వెనక్కి వస్తుందని లెక్క వేసుకుంటారు. 10,000 వస్తుందనుకోవడానికీ 22,000 కట్టాలనడానికీ మధ్య తేడా 32,000 రూపాయలు. 'మినహాయిస్తారు' అనే మాట కూడా ఇందులో తన వంతు చేసింది. మినహాయించడమంటే చేతిలో ఉన్నదాంట్లోంచి తీసుకోవడం, ఉన్నదానికంటే ఎక్కువ తీయలేరు. 'చార్జీ' అంటే మాత్రం కట్టాల్సిన మొత్తం, చేతిలో ఉన్నా లేకపోయినా. కాబట్టి ఇలా రాయండి: 'క్యాన్సిలేషన్ చార్జీ టూర్ ధరలో 50 శాతం. అప్పటికి కట్టిన మొత్తం ఎంతైనా చార్జీని టూర్ ధర మీదే లెక్కిస్తారు.' రెండో వాక్యానికి ఇంగ్లిషులో ఆధారం ఉంటేనే పెట్టాలి. లేకపోతే మొదటి వాక్యం ఒక్కటే చాలు, అది నమ్మకంగానే ఉంది.

రీఫండ్, క్రెడిట్ నోట్, అడ్జస్ట్‌మెంట్ మూడింటినీ 'డబ్బు వాపసు' అనొచ్చా?

అనకూడదు, మూడూ వేరు. రీఫండ్ అంటే సొమ్ము కస్టమర్ చేతికో ఖాతాకో తిరిగి రావడం. క్రెడిట్ నోట్ అంటే సొమ్ము కంపెనీ దగ్గరే ఉంటుంది, దాన్ని గడువులోగా ఇంకో టూర్‌కు వాడుకోవాలి. అడ్జస్ట్‌మెంట్ అంటే ఇదే బుకింగ్‌లోని మిగతా బాకీకో, మార్చుకున్న తేదీకో దాన్ని జమ కట్టడం. ఈ మూడు మాటలనూ తెలుగు లిపిలో అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో అర్థం చెప్పడం నాకు నచ్చిన పద్ధతి. అడ్వాన్స్ విషయంలోనూ ఇంతే. 'నాన్ రీఫండబుల్' అని మాత్రమే ఉంటే 'వాపసు ఇవ్వరు' అనండి. 'ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వరు' అని బిగించకండి. కంపెనీయే టూర్ రద్దు చేస్తే అడ్వాన్స్ తిరిగి ఇస్తామని అదే కాగితంలో కింద ఉండొచ్చు, మీ బిగింపు దానికి అడ్డం తిరుగుతుంది.

'45 పని దినాల్లో రీఫండ్ ప్రాసెస్ చేయబడును' అని రాశాను. తప్పేముంది?

రెండు చోట్ల జారుతుంది. మొదటిది, 'ప్రాసెస్' అంటే కంపెనీ తన వైపు పని పూర్తి చేయడం. బ్యాంకు ఖాతాలో సొమ్ము పడటం ఆ తర్వాతి సంగతి. 'రీఫండ్ అందుతుంది' అని రాస్తే గడువు మారిపోతుంది. 'కంపెనీ రీఫండ్ పంపే ప్రక్రియ పూర్తి చేస్తుంది' అంటే సరిపోతుంది. రెండోది, ఆ 45 రోజులు ఎప్పటి నుంచి మొదలవుతాయి? ఇంగ్లిషులో తరచుగా 'హోటళ్లు, ఎయిర్‌లైన్ల నుంచి సొమ్ము కంపెనీకి అందిన తర్వాత' అనే ముక్క వాక్యం చివర ఉంటుంది. తెలుగులో షరతు వాక్యం మొదట్లోకి రావాలి కాబట్టి, తొందరలో అనువదించినప్పుడు ఆ చివరి ముక్క జారిపోతుంది. 'హోటళ్లు, ఎయిర్‌లైన్ల నుంచి సొమ్ము కంపెనీకి అందిన తేదీ నుంచి 45 పని దినాల్లో' అని మొదలుపెడితే అది పోదు.

'చేయబడును' మీద కూడా ఒక మాట. కర్త దాగిపోతే ఎవరిని అడగాలో కస్టమర్‌కు తెలియదు. చేసేది కంపెనీయే అని ఇంగ్లిషు సందర్భంలో స్పష్టంగా ఉంటే కంపెనీ పేరు పెట్టి రాయండి. ఇంగ్లిషే దాచిపెట్టి ఉంటే మాత్రం మీరు ఊహించకుండా కంపెనీని అడగండి.

'ఇస్తే', 'ఇస్తేనే' మధ్య అంత తేడా ఉందా?

ఉంది. 'డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే చార్జీ తగ్గిస్తారు' అంటే చార్జీ తగ్గే దారుల్లో అది ఒకటి. 'ఇస్తేనే తగ్గిస్తారు' అంటే వేరే దారి లేదు. ఇంగ్లిషులో 'ఇఫ్' ఉన్నచోట మనకు అలవాటుగా 'ఏ' వచ్చి చేరుతుంది, ఎందుకంటే మాట్లాడేటప్పుడు నొక్కి చెప్పడం మనకు సహజం. 'ఓన్లీ ఇఫ్' ఉంటేనే ఆ 'ఏ' పెట్టండి. చివరి చదువులో 'తేనే', 'మాత్రమే', 'కూడా' వచ్చిన ప్రతిచోటా ఇంగ్లిషుకు వెళ్లి ఆధారం చూసుకోండి. ఒక చిన్న అచ్చు ఒక హక్కును మూసేయగలదు.

## మార్పులు

'మే', 'షల్', 'రిజర్వ్స్ ద రైట్' అన్నిటికీ 'చేయవచ్చు' సరిపోతుందా?

'షల్' సాధారణంగా కట్టుబాటు. 'కంపెనీ తెలియజేయాలి' అనో, 'కంపెనీ తెలియజేస్తుంది' అనో రాసి, ఏది ఎంచుకున్నా కాగితమంతా అదే నడపండి. 'మే' అంటే కొన్నిచోట్ల అధికారం, కొన్నిచోట్ల అవకాశం. 'కంపెనీ హోటల్ మార్చవచ్చు' అన్నది అధికారం. 'పొగమంచు వల్ల రైలు ఆలస్యం కావచ్చు' అన్నది అవకాశం. తెలుగులో రెండూ 'వచ్చు'తోనే ముగుస్తాయి, కర్త స్పష్టంగా ఉంటే ఇబ్బంది రాదు. 'రిజర్వ్స్ ద రైట్' ఉన్నచోట 'మార్చే హక్కు కంపెనీకి ఉంటుంది' అనండి.

అసలు చిక్కు 'మే నాట్ బి రీఫండెడ్' దగ్గర. అది 'వాపసు ఇవ్వరు' అనా, 'వాపసు రాకపోవచ్చు' అనా? ఇంగ్లిషులోనే రెండు అర్థాలకూ చోటుంది. మెత్తగా ఉంటుందని 'రాకపోవచ్చు' ఎంచుకుంటే కస్టమర్‌కు ఆశ పెట్టినట్టు, గట్టిగా 'ఇవ్వరు' అంటే తలుపు వేసినట్టు. కంపెనీతో రాయించుకోకుండా దీన్ని దాటకండి.

'ఆర్ సిమిలర్' అని ఉన్న హోటల్ క్లాజును, దర్శనాల క్రమం మారే క్లాజును ఎలా రాయాలి?

హోటల్ పేరు తర్వాత వచ్చే ఆ ముక్కను 'లేదా అలాంటి హోటల్' అంటే చాలు. కంపెనీ కాగితంలో 'అదే కేటగిరీ' అని ఉంటే 'అదే కేటగిరీ హోటల్' అనండి. కేటగిరీ అనే మాట లేకుండా మీరు 'అదే స్థాయి' అని రాస్తే లేని హామీ ఇచ్చినట్టే. కొంచెం తక్కువ హోటల్ ఇచ్చినప్పుడు కస్టమర్ ఆ తెలుగు వాక్యాన్నే చూపిస్తారు.

మార్పుల క్లాజులో ఇంకా జాగ్రత్త కావాలి. చాలా కాగితాల్లో చిన్న మార్పు, ముఖ్యమైన మార్పు అని రెండు రకాలుంటాయి. చిన్న మార్పుకు నోటీసు లేదు, పరిహారం లేదు. ముఖ్యమైన మార్పుకు కస్టమర్ ఒప్పుకోవచ్చు లేదా క్యాన్సిల్ చేసుకోవచ్చు. రెంటినీ కలిపి 'కార్యక్రమంలో మార్పులుంటే కంపెనీదే తుది నిర్ణయం' అని రాసేస్తే కస్టమర్‌కున్న రెండో దారి మాయమవుతుంది. యాత్రికుల విషయంలో ఇది కాగితం మీది తేడా కాదు. పితృదేవతలకు గయలో పిండప్రదానం చేయడానికి ఒక తిథి చూసుకుని వెళ్లేవాళ్లుంటారు. గయ రోజు ఒకటి వెనక్కి జరిగితే కంపెనీకి అది క్రమం మారడమే, ఆ కుటుంబానికి యాత్ర ఉద్దేశమే తప్పిపోవడం. అది చిన్న మార్పో ముఖ్యమైన మార్పో మీరు తేల్చలేరు. కానీ ఇంగ్లిషులో ఉన్న విభజనను, కస్టమర్‌కు ఇచ్చిన ఎంపికను, ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలన్న గడువును తెలుగులో పూర్తిగా చూపించాల్సిన పని మీదే.

'డీమ్డ్ క్యాన్సిలేషన్' అంటే క్యాన్సిల్ అయినట్టేనా?

నిజంగా క్యాన్సిల్ చేయకపోయినా చేసినట్టు లెక్క కడతారని అర్థం. 'తేదీ మార్చమని కోరితే, పాత బుకింగ్‌ను క్యాన్సిల్ చేసినట్టుగా పరిగణించి క్యాన్సిలేషన్ చార్జీ వేస్తారు' అని పూర్తిగా రాయండి. 'తేదీ మార్పుకు చార్జీలు వర్తిస్తాయి' అంటే ఏదో చిన్న ఫీజు అనుకుంటారు, అసలు తగిలేది పట్టికలోని శాతం.

ఇద్దరు ఒకే గదిలో ఉండేలా బుక్ చేసి ఒకరు మానేసిన సందర్భం కూడా ఇలాంటిదే. మానేసినవారికి క్యాన్సిలేషన్ చార్జీ, వెళ్లేవారికి ఒంటరి గది అదనపు ధర, రెండూ పడతాయని షరతు చెబుతుంటే రెండింటినీ రెండు వాక్యాల్లో విడదీసి చెప్పండి. ఒకే వాక్యంలో కుదిస్తే ఏది ఎవరికో తెలియదు.

## బాధ్యత

'కంపెనీ బాధ్యత వహించదు' అని రాస్తే సరిపోదా?

తెలుగులో 'బాధ్యత' రెండు పనులు చేస్తుంది. 'గుర్తింపు కార్డు తెచ్చుకునే బాధ్యత ప్రయాణికులదే' అన్నచోట అది చేయాల్సిన పని. 'సామాను పోతే కంపెనీ బాధ్యత వహించదు' అన్నచోట చట్టం ముందు జవాబు చెప్పాల్సిన స్థితి. ఇంగ్లిషులో ఇవి వేర్వేరు మాటలు. రెండోదానికి 'చట్టపరమైన బాధ్యత' అనీ, మొదటిదానికి 'చూసుకోవాలి', 'తెచ్చుకోవాలి' అనే క్రియలూ వాడితే కలిసిపోవు.

అంతకంటే ముఖ్యం మినహాయింపు. 'కంపెనీ నిర్లక్ష్యం వల్ల జరిగినది తప్ప' అనే ముక్క ఇంగ్లిషు వాక్యంలో నాలుగు లైన్ల తర్వాత, చిట్టచివర ఉంటుంది. దాన్ని తెలుగు వాక్యం మధ్యలో ఇరికిస్తే అది గాయానికే వర్తిస్తుందా, ఆలస్యానికి కూడానా తెలియదు. వాక్యాన్ని విరవండి: 'నష్టం, గాయం, ఆలస్యం వీటిలో దేనికీ కంపెనీకి చట్టపరమైన బాధ్యత ఉండదు. అయితే వీటిలో ఏదైనా కంపెనీ నిర్లక్ష్యం వల్ల జరిగితే ఈ మినహాయింపు వర్తించదు.' అలా విరిచే ముందు, ఇంగ్లిషులో ఆ ముక్క మూడింటికీ వర్తిస్తుందో లేదో నిర్ధారించుకోండి.

'కంపెనీ ఏజెంటుగా మాత్రమే వ్యవహరిస్తుంది' అంటే జనానికి అర్థమవుతుందా?

మాట తెలుసు, అర్థం చేరదు. మనవైపు ఏజెంట్ అంటే టికెట్లు చేసిపెట్టే ఎవరైనా. ఈ క్లాజులో చెప్పేది వేరు: హోటల్, బస్సు, ఎయిర్‌లైన్ సేవలకు ఒప్పందం కస్టమర్‌కూ ఆ సంస్థలకూ మధ్యే, కంపెనీ వాటి తరఫున బుక్ చేస్తుందంతే. అందుకే 'కంపెనీ ఆయా సంస్థల తరఫున ఏజెంటుగా మాత్రమే వ్యవహరిస్తుంది' అని రాయండి. 'తరఫున' ఎవరి వైపో చూసుకోండి. 'ప్రయాణికుల తరఫున' అని రాస్తే క్లాజు తలకిందులవుతుంది.

'బాధ్యత టూర్ ధరను మించదు' అన్నదాన్ని 'టూర్ ధర వరకు పరిహారం ఇస్తారు' అనొచ్చా?

వద్దు. మొదటిది పై హద్దు, రెండోది హామీ. 42,000 రూపాయల టూర్‌లో బస్సు ఏసీ పనిచేయలేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, హద్దు ప్రకారం పరిహారం ఎంతైనా కావచ్చు, అసలు లేకపోవచ్చు కూడా, 42,000 మాత్రం దాటదు. హామీగా రాసిన తెలుగు చదివినవాళ్లు మొత్తం సొమ్ము అడుగుతారు. 'పరిహారం చెల్లించాల్సి వస్తే, అది ఏ సందర్భంలోనూ టూర్ ధరను మించదు' అంటే ఇంగ్లిషు చెప్పినంతే చెప్పినట్టు.

ఫోర్స్ మెజూర్‌ను 'దైవిక ఘటనలు' అంటే?

ఇరుకవుతుంది. భూకంపం, వరద దైవికమనుకున్నా సమ్మె, కర్ఫ్యూ, ప్రభుత్వ నిషేధం కాదు కదా. 'కంపెనీ అదుపులో లేని పరిస్థితులు' అనొచ్చు. ఇంగ్లిషులో 'సహేతుకంగా' అనే మాట కూడా ఉంటే 'సహేతుకమైన జాగ్రత్తతో కూడా కంపెనీ అదుపు చేయలేని పరిస్థితులు' అనాలి. ఆ ఒక్క మాట పోతే, ముందే చూసుకుని తప్పించుకోగలిగిన సమస్య కూడా క్లాజులోకి దూరిపోతుంది.

జాబితా దగ్గర ఇంకో చూపు కావాలి. 'వీటికే పరిమితం కాకుండా' అని ఉంటే జాబితా తెరిచి ఉంది, 'వంటివి, ఇవే కానవసరం లేదు' అనండి. 'అంటే' అని పెడితే మూసినట్టు. ఆ సందర్భంలో సొమ్ము ఏమవుతుందన్న వాక్యం వేరేగా ఉంటుంది. బాధ్యత లేదని చెప్పడం, రీఫండ్ లేదని చెప్పడం ఒకటి కాదు. మొదటిది మాత్రమే ఉన్న కాగితంలో రెండోదాన్ని చేర్చకండి.

షరతు అన్యాయంగా అనిపిస్తే మెత్తగా రాయొచ్చా? ఎలాగూ చట్టం ముందు నిలవదు కదా?

మెత్తబరచకండి. అది నిలుస్తుందో లేదో తేల్చేది వినియోగదారుల కమిషన్లు, కోర్టులు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'అన్యాయమైన ఒప్పందం' అనే నిర్వచనం ఉంది. ఒప్పందం తప్పినందుకు, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేసే షరతు అందులోకి వస్తుంది. 1872 నాటి ఒప్పంద చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం కూడా, కాగితంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, దొరికేది సహేతుకమైన పరిహారం. ఈ వాదనలు చేయాలంటే కస్టమర్ చేతిలో అసలు షరతు ఉన్నదున్నట్టుగా ఉండాలి. మీరు మెత్తబరిస్తే తను దేనికి సంతకం పెట్టారో ఆయనకే తెలియకుండా పోతుంది.

'వివాదాలన్నీ ముంబై కోర్టుల పరిధిలోనే' అనే క్లాజుకూ ఇదే వర్తిస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం వినియోగదారు తను నివసించే చోటి జిల్లా కమిషన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. అయినా క్లాజును ఉన్నట్టే అనువదించి, అనుమానాన్ని కంపెనీకి వేరే నోట్‌లో రాయండి. 'చట్టం అనుమతించిన మేరకు' అనే ముక్క ఉంటే దాన్ని అలంకారం అనుకుని వదిలేయకండి. క్లాజు పరిధిని తగ్గించేది అదే.

## అప్పగించే ముందు

తెలుగుకూ ఇంగ్లిషుకూ తేడా వస్తే ఏది చెల్లుతుందో నేను రాయాలా?

ఇంగ్లిషు కాగితంలో ఆ వాక్యం ఉంటే అనువదించండి, లేకపోతే మీరు చేర్చకండి. ఉన్నప్పుడు మాత్రం అది చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా మొదట్లోనే కనిపించేలా పెట్టమని కంపెనీకి చెప్పండి. తెలుగు ఒక్కటే చదివి సంతకం చేసేవాళ్లకు అది తెలియాలి.

వాట్సాప్‌లో పంపడానికి పది లైన్లలో సారాంశం అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ క్యాన్సిలేషన్ పట్టికను కుదించకండి, మొత్తంగా పెట్టండి. బాధ్యత క్లాజును సారాంశం చేసేటప్పుడు మినహాయింపు పోతుంది, కాబట్టి దాని బదులు 'బాధ్యత, పరిమితుల కోసం పూర్తి షరతులు చదవండి' అని లింకు పెట్టడం మేలు.

అనువాదం నమ్మకంగా ఉందో లేదో ఎలా పరీక్షించాలి?

ఇంగ్లిషు కాగితం చూడని తెలుగు మనిషి ఒకరికి మీ అనువాదం ఇచ్చి, కథలాంటి ప్రశ్నలు వేయండి. 'ఇద్దరికి టూర్ ధర 84,000, కట్టింది 20,000, 19 రోజుల ముందు క్యాన్సిల్ చేశారు, ఎంత వస్తుంది?' 'గయ రోజు మారింది, ఏం చేయొచ్చు?' 'కంపెనీ పెట్టిన బస్సు డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలింది, ఎవరిని అడగాలి?' ఇంగ్లిషు మాత్రమే చదివిన ఇంకొకరికీ ఇవే ప్రశ్నలు వేయండి. ఇద్దరి జవాబులూ అంకె దగ్గర, పేరు దగ్గర, తేదీ దగ్గర కలవాలి. ఇద్దరూ 'తెలియడం లేదు' అన్నా అది మంచి ఫలితమే, మూలంలోని అస్పష్టత అలాగే నిలిచిందని అర్థం. ఇంగ్లిషు చదివినవారు తడబడి, తెలుగు చదివినవారు ఠక్కున చెబితే మీరు ఎక్కడో ఏదో చేర్చారు, ఆ వాక్యం దగ్గరికి వెళ్లండి.

మూలం చూడకుండా తెలుగు నుంచి ఇంగ్లిషులోకి తిరిగి రాయించి పోల్చడం ఇంకో పద్ధతి. మాటలు జారిన చోట్లను అది పట్టిస్తుంది. అయితే 'లోపు' లాంటి మాటను తిరిగి రాసేవాళ్లు తమకు తోచిన అర్థంతో స్పష్టంగా రాసేస్తారు కాబట్టి, రెండు అర్థాలకు చోటిచ్చే వాక్యాలు అందులో దొరకవు. వాటికి ప్రశ్నల పరీక్షే కావాలి. ఆఖరున అంకెలు, శాతాలు, తేదీలు, 'తప్ప', 'మించదు', 'లేదా' ఈ ఆరింటి కోసమే ఒకసారి, మరేమీ చదవకుండా, కాగితం మొదటి నుంచి చివరిదాకా చూడండి.